నది అబద్ధం చెప్పకూడదు

ఏ గేమ్‌లోనైనా కొత్త మ్యాప్ తెరుచుకోగానే నేను ముందు చూసేది కొండల్ని కాదు, నదుల్ని. కొండ ఎలా ఉన్నా మన కన్ను సర్దుకుపోతుంది. నది తప్పుగా పారితే మాత్రం, ఎందుకో చెప్పలేకపోయినా, ఏదో తేడా కొడుతోందని వెంటనే తెలిసిపోతుంది. ఒక నది రెండు సముద్రాల మధ్య వంతెనలా పడి ఉంటుంది. ఇంకోటి కొండ ఎక్కుతుంది. మరోటి కిందికి పోయే కొద్దీ చెట్టు కొమ్మల్లా చీలిపోతూ ఉంటుంది.

ఇది అందం గొడవ మాత్రమే అనుకోకండి. ఆటలో దారి తప్పినవాడు ఏం చేస్తాడు? నది కనిపిస్తే దాని వెంట కిందికి నడుస్తాడు. ఎప్పటికైనా సముద్రం వస్తుంది, ఈలోగా ఒడ్డున ఏదో ఊరు తగులుతుంది అని నమ్మకం. ఆ నమ్మకాన్ని మ్యాప్ ఒక్కసారి మోసం చేస్తే, ఇక మీ మ్యాప్‌లో దేన్నీ అతను సీరియస్‌గా తీసుకోడు.

అందుకే ఈ వారం ఓవర్‌వరల్డ్ మ్యాప్ గురించి, అందులోనూ నదుల గురించి. ఓవర్‌వరల్డ్ అంటే ఊళ్లు, గుహలు, కోటలు అన్నిటినీ కలిపే ఆ పెద్ద బయటి ప్రపంచం. దాన్ని చేత్తో గీయకుండా కోడ్‌తో పుట్టించాలి. చూసినవాళ్లు నిజమైన నేల అనుకోవాలి.

ముందు కొండలు

కోడ్‌తో నేల పుట్టించాలంటే అందరూ మొదట పట్టుకునేది నాయిస్. కెన్ పెర్లిన్ అనే ఆయన 1982లో వచ్చిన 'ట్రాన్' సినిమాకి పనిచేశాక, కంప్యూటర్ బొమ్మలు మరీ నున్నగా, యంత్రంలా ఉంటున్నాయని విసిగి, సహజమైన గరుకుదనం కోసం ఒక పద్ధతి కనిపెట్టారు. 1985లో దాని మీద పేపర్ వచ్చింది. 1997లో ఆస్కార్ అకాడమీ ఆయనకి సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చింది. మనం పెర్లిన్ నాయిస్ అని పిలిచేది దాన్నే.

దాని పని చాలా సింపుల్. x, y ఇస్తే ఒక అంకె ఇస్తుంది. పక్క పక్క చోట్లకి దగ్గర దగ్గర అంకెలు వస్తాయి, దూరం పోతే సంబంధం ఉండదు. ఆ అంకెని ఎత్తు అనుకుంటే మెత్తటి గుట్టలు వస్తాయి. కానీ ఒక్క పొరే వేస్తే దుప్పటి కింద దిండ్లు పెట్టినట్టు ఉంటుంది. నిజమైన నేలలో పెద్ద కొండ మీద చిన్న గుట్ట, గుట్ట మీద బండ, బండ మీద గరుకు ఉంటాయి కదా. అందుకే నాయిస్‌ని పొరలు పొరలుగా కలుపుతాం. ఒక్కో పొరని ఆక్టేవ్ అంటారు.

నేను వాడే సైజు 512×512 గడులు. ఒక గడి అంటే ఒక కిలోమీటరు అనుకుందాం. ఆరు పొరలు వేస్తే ఇలా ఉంటుంది:

```python
def height(x, y):
    total, amp, freq = 0.0, 1.0, 1 / 256
    for i in range(6):
        total += amp * noise(x * freq + 17.3 * i,
                             y * freq + 41.7 * i)
        amp *= 0.5
        freq *= 2
    return total / 1.96875
```

మొదటి పొరలో ఒక్కో అల 256 గడుల పొడవు. అది ఖండం ఆకారాన్ని నిర్ణయిస్తుంది. తర్వాతి పొర 128 గడులు, బలం సగం. అలా ఆరో పొరకి వచ్చేసరికి 8 గడుల అల, బలం మొదటిదాంట్లో ముప్పై రెండో వంతు. ఆరు బలాలూ కూడితే 1.96875, దాంతో భాగిస్తే లెక్క మళ్లీ హద్దుల్లోకి వస్తుంది.

ఆ 17.3, 41.7 ఎందుకు అని అడుగుతారేమో. పెర్లిన్ నాయిస్‌కి ఒక గుణం ఉంది. x, y రెండూ పూర్ణాంకాలైతే అది ఎప్పుడూ సున్నానే ఇస్తుంది. పొరలన్నిటినీ ఒకే చోట మొదలుపెడితే ఆరు సున్నాలూ ఒకే గడిలో పడతాయి, అవి ఒక పద్ధతిలో మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే ఒక్కో పొరని కొంచెం పక్కకి జరుపుతాం. మీ మ్యాప్ మొత్తం బల్లపరుపుగా, ఒకే రంగులో వచ్చిందంటే కూడా ముందు ఇదే చూడండి: `freq`తో గుణించడం, పక్కకి జరపడం రెండూ మర్చిపోయి గడి నంబర్లని నేరుగా నాయిస్‌కి ఇచ్చి ఉంటారు.

తర్వాత మ్యాప్ అంచుల దగ్గర ఎత్తు తగ్గించుకుంటూ వస్తే చుట్టూ సముద్రం, మధ్యలో నేల. అంచుకి ఆనుకుని, సముద్ర మట్టం కంటే కింద ఉన్నదంతా నీలం. ఇక్కడిదాకా చూస్తే మ్యాప్ చాలా బాగుంటుంది. చాలామంది ఇక్కడే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టేస్తారు.

నాయిస్‌కి నది ఎందుకు చేతకాదు

నదికోసం చాలామందికి మొదట తట్టే ఉపాయం: ఎత్తైన చోట ఒక చుక్క వేసి, ప్రతిసారీ చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో అన్నిటికంటే పల్లంగా ఉన్నదానిలోకి దింపుతూ పోవడం. నీరు పల్లమెరుగు అన్నారు కదా. వినడానికి కరెక్టే. నడిపి చూస్తే పది పదిహేను గడులు దిగి ఆగిపోతుంది. ఎందుకంటే నాయిస్ నిండా గుంటలే. నాయిస్ ఎన్ని శిఖరాలు పుట్టిస్తుందో ఇంచుమించు అన్ని గుంటలూ పుట్టిస్తుంది. దానికి పైకీ కిందికీ తేడా లేదు.

నిజమైన నేలలో అన్ని గుంటలు ఉండవు. వేల ఏళ్లుగా వాన పడి, మట్టి కొట్టుకొచ్చి గుంట పూడింది, లేదంటే నీరు గట్టు కోసుకుని దారి చేసుకుంది. అంటే మనం చూసే నేలని చాలావరకు చెక్కిందే నీరు. మన నేల మీద మాత్రం ఇంకా వాన పడలేదు.

అసలు తేడా ఇంకా లోతుగా ఉంది. నాయిస్ ప్రతి గడినీ విడిగా లెక్కిస్తుంది. పక్క గడిలో ఏముందో దానికి అక్కర్లేదు. నది అలా కాదు. ఒక గడిలో ఎంత నీరుందో తెలియాలంటే దాని పైనున్న ప్రతి గడీ తెలియాలి. అది ఎటు పోవాలో తెలియాలంటే సముద్రం దాకా కింద ఏముందో తెలియాలి.

మన కృష్ణనే చూడండి. మహాబలేశ్వర్ దగ్గర పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం 65 కిలోమీటర్ల లోపే. అయినా అటు చూడకుండా తూర్పుకి తిరిగి, 1400 కిలోమీటర్లు నడిచి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పుట్టిన చోట నిలబడి చుట్టుపక్కల నాలుగు గడులు చూసి ఈ ప్రయాణాన్ని ఎవరూ ఊహించలేరు. మొత్తం పీఠభూమి ఎటు వాలి ఉందో తెలిస్తేనే అర్థమవుతుంది.

చెరువు నిండితే అలుగు పారుతుంది

మరి ఆ గుంటల సంగతి ఏం చేయాలి? ఇక్కడ తెలంగాణ ఊళ్లలో పెరిగినవాళ్లకి జవాబు ముందే తెలుసు. గొలుసుకట్టు చెరువులు గుర్తు తెచ్చుకోండి. పై చెరువు నిండితే అలుగు దుంకుతుంది, ఆ నీరు కింది చెరువుకి పోతుంది. అది నిండితే దాని కిందిది. గుంట ఎంత లోతున్నా పర్లేదు, దాని అలుగు ఎక్కడుందో తెలిస్తే చాలు, నీటికి దారి దొరుకుతుంది. అలుగు అంటే గట్టు మీద అన్నిటికంటే తక్కువ ఎత్తున్న చోటు, అంతే.

ప్రతి గుంటకీ అలుగు వెతికే పద్ధతికి ప్రయారిటీ ఫ్లడ్ అని పేరు. ఉపగ్రహాల నుంచి వచ్చిన నిజమైన ఎత్తుల డేటాలో నదుల్ని గుర్తించేవాళ్లు కూడా ఇదే వాడతారు. బార్న్స్, లేమన్, ముల్లా 2014లో రాసిన పేపర్ దీన్ని చక్కగా సర్ది చెప్పింది. ఇందులో గమ్మత్తు ఏంటంటే, కొండ మీద నుంచి కిందికి రాము. సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తాం.

సముద్రపు గడులన్నిటినీ ఒక క్యూలో వేస్తాం. ఈ క్యూలో ముందొచ్చినవాడు ముందు కాదు, ఎత్తు తక్కువున్నవాడు ముందు. ప్రతిసారీ అన్నిటికంటే పల్లపు గడిని బయటికి తీస్తాం. దాని చుట్టూ ఇంకా చూడని గడులు ఉంటే, 'నీ నీరు నాలోకి వస్తుంది' అని రాసేస్తాం. ఆ పక్క గడి దీనికంటే పల్లంగా ఉంటే అది గుంటలో ఉన్నట్టు, కాబట్టి దాన్ని దీనికంటే ఒక్క పిసరు ఎత్తుకి నింపుతాం.

```python
while heap:
    z, c = heapq.heappop(heap)
    order.append(c)
    for n in neighbours(c):
        if n not in seen:
            seen.add(n)
            down[n] = c
            filled[n] = max(h[n], z + 0.00001)
            heapq.heappush(heap, (filled[n], n))
```

చిన్న ఉదాహరణ చేత్తో చేద్దాం. సముద్రం నుంచి లోపలికి ఒకే వరసలో ఆరు గడులు ఉన్నాయి. ఎత్తులు వరసగా 0, 3, 7, 4, 5, 9. సున్నా అంటే సముద్రం. 9 మీద పడిన వాన 5లోకి, అక్కడి నుంచి 4లోకి వస్తుంది. అక్కడ ఇరుక్కుంటుంది, ఎందుకంటే ముందు 7 అడ్డం ఉంది.

ఇప్పుడు సముద్రం నుంచి బయల్దేరదాం. 0 బయటికి వచ్చింది, 3ని చూసింది. 3 నీరు 0లోకి. తర్వాత 3 వచ్చి 7ని చూసింది. 7 నీరు 3లోకి. 7 వచ్చి 4ని చూసింది. 4 పల్లంగా ఉంది, అంటే గుంట. దాన్ని 7 కంటే పిసరు ఎక్కువకి, 7.01 అనుకుందాం, నింపాం. తర్వాత 5ని 7.02కి. 9 ఎలాగూ ఎత్తే, అలాగే ఉంచాం. ఇప్పుడు వరస 0, 3, 7, 7.01, 7.02, 9. ఎక్కడ చుక్క వేసినా సముద్రానికి చేరుతుంది. ఆ 7 ఉంది చూశారా, అదే ఈ చెరువు అలుగు.

ఎంత నింపామో అదే నీటి లోతు. 4 ఉన్న చోట 3, 5 ఉన్న చోట 2. అంటే సరస్సులు కూడా ఉచితంగా వచ్చేశాయి.

ఇక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. గుంటలన్నీ సరస్సులుగా వదిలేస్తే మ్యాప్ ఫిన్లాండ్‌లా తయారవుతుంది. నీళ్లు నింపడం బదులు గట్టునే కోసేయొచ్చు. పై ఉదాహరణలో 7ని 3.5కి తగ్గిస్తే వరస 0, 3, 3.5, 4, 5, 9 అవుతుంది. సరస్సు లేదు, దాని చోట లోతైన లోయ. పాపికొండల దగ్గర గోదావరి తూర్పు కనుమల్ని కోసుకుని పోయేది ఇలాగే కనిపిస్తుంది. శ్రీశైలం దగ్గర నల్లమలలో కృష్ణ కూడా అంతే. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, గుంట లోతు తక్కువైతే గట్టు కోసేస్తాను, బాగా లోతు ఉంటే సరస్సుగా ఉంచుతాను. మ్యాప్‌కి ఓ ఐదారు సరస్సులు మిగిలితే చాలు.

వాన లేకుండా నది లేదు

దారులు దొరికాయి. ఇప్పుడు ఏ దారిలో ఎంత నీరు? ప్రతి గడికీ ఒకే వాన ఇవ్వొచ్చు. కానీ అలా చేస్తే బయోమ్‌లు ఒక పక్క, నదులు ఒక పక్క, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటాయి. బయోమ్ అంటే ఆ చోటు అడవా, గడ్డి నేలా, ఎడారా అన్నది. చాలా ట్యుటోరియల్స్‌లో తేమకి ఇంకో నాయిస్ పొర వేసేస్తారు. ఫలితం: సముద్రం పక్కన ఎడారి, కొండ వెనకాల చిత్తడి అడవి, ఏ కారణమూ లేకుండా.

దానికంటే గాలి ఊదడం మేలు. పడమర అంచు నుంచి ప్రతి వరసలో గాలిని పంపుతాం. సముద్రం మీద దాని తేమ 100 అనుకుందాం. చదునైన నేల మీద ఒక్కో గడి దాటినప్పుడు ఉన్న తేమలో 1 శాతం వానగా పడుతుంది. కొండ ఎక్కుతుంటే ఎక్కువ పడాలి, 6 శాతం అనుకోండి. తీరాన్ని ఆనుకునే కొండ ఉండి, ఎక్కడానికి 10 గడులు పట్టింది. మొదటి గడిలో పడిన వాన 6. పైకి చేరేసరికి తేమ 54కి పడిపోయింది. అవతలి వైపు చదునులో మొదటి గడికి పడేది 0.54 మాత్రమే. అంటే కొండకి ఇటు, అటు పదకొండు రెట్ల తేడా.

ఇది మరీ అతిగా అనిపిస్తోందా? పడమటి కనుమల మీద మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కనుమల వెనకాల, దూరంగా ఉన్న అనంతపురంలో 550 చుట్టుపక్కల. రాయలసీమ కరువు వెనక ఉన్న కారణాల్లో ఈ కొండ చాటు కూడా ఒకటి.

వాన వచ్చాక ప్రవాహం లెక్క రెండు మూడు లైన్ల పని. ఇందాక గడుల్ని పల్లం నుంచి ఎత్తుకి వరసగా తీశాం కదా, ఆ వరసని తిరగేసి, పై నుంచి కిందికి నీరు అందిస్తూ పోవడమే.

```python
flow = dict(rain)
for c in reversed(order):
    if c in down:
        flow[down[c]] += flow[c]
```

ఇప్పుడు మ్యాప్‌లో నిజమైన నది పనితనం కనిపిస్తుంది. తడి కొండల్లో పుట్టి, వాన లేని నేల మీదుగా, అయినా ఎండిపోకుండా ఒక పెద్ద నది పారుతుంది. దాని నీరు అక్కడిది కాదు, ఎక్కడో పైన కురిసింది. కృష్ణ కథ ఇదే కదా. ఆ పొడి నేలలో నది ఒడ్డు గడులకి మాత్రం కొంచెం తేమ ఎక్కువ ఇవ్వండి. గోధుమ రంగు మధ్యలో ఒక సన్నటి పచ్చ గీత వస్తుంది. ఆటగాడు ఊరు కట్టుకోవాలంటే ఎక్కడ కట్టుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

`flow` ఒక హద్దు దాటిన గడులకే నీలం రంగు వేయండి. వెడల్పు విషయంలో ఒక చిన్న జాగ్రత్త. నీరు రెట్టింపైతే నది వెడల్పు రెట్టింపు కాదు. నది లోతూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. వెడల్పు సుమారుగా నీటి వర్గమూలంతో పెరుగుతుందని నదుల్ని కొలిచినవాళ్లు చెప్పిన లెక్క. 400 నీరున్న ఏరు వెడల్పు 20 అనుకుంటే, 900 ఉన్నదాని వెడల్పు 30. రెండూ కలిస్తే 1300, వెడల్పు 36. చాలామంది 20, 30 కూడి 50 గీస్తారు. ఒకటి రెండు ఉపనదులు కలిసేదాకా తెలియదు గానీ, సముద్రం దగ్గరికి వచ్చేసరికి నది కాస్తా మరో సముద్రం అయిపోతుంది.

బయోమ్‌కి రెండు అంకెలు

వాన, ఉష్ణోగ్రత తెలిస్తే బయోమ్ చెప్పేయొచ్చు. రాబర్ట్ విటాకర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త గీసిన పటం ఇదే చెబుతుంది. వేడి, వాన రెండూ ఎక్కువైతే దట్టమైన అడవి. వేడి ఉండి వాన మధ్యస్థంగా ఉంటే గడ్డి, అక్కడక్కడా చెట్లు. వాన బాగా తక్కువైతే ఎడారి. చలి ఎక్కువైతే వానతో పని లేకుండా మంచు నేల.

ఉష్ణోగ్రతకి రెండు విషయాలు చూస్తే చాలు. ఉత్తర దక్షిణాల్లో ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది. ఒక కిలోమీటరు పైకెళ్తే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తీరంలో 28 డిగ్రీలు ఉంటే రెండు కిలోమీటర్ల ఎత్తులో 15.

ఇలా వేస్తే బయోమ్ హద్దులు కత్తితో కోసినట్టు వస్తాయి. దానికి మందు మళ్లీ నాయిస్సే. పట్టికలో వెతికే ముందు వానకీ, ఉష్ణోగ్రతకీ కొంచెం నాయిస్ కలపండి. అడవి అంచు గడ్డిలోకి చొచ్చుకుపోయి, గడ్డి అడవిలోకి చొచ్చుకుపోయి సహజంగా కలుస్తాయి. కానీ ఎత్తుకి వాడిన సీడ్ ఇక్కడ వాడొద్దు. వాడితే హద్దుల వంకరలు అచ్చం కొండల ఆకారంలోనే వస్తాయి.

తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి

కంటితో చూసే ముందు ఒక లెక్క చేయండి. సముద్రపు గడుల్లో చేరిన `flow` అంతా కూడండి. మ్యాప్ మొత్తం మీద కురిసిన వాన కూడండి. రెండూ సమానంగా ఉండాలి. తక్కువ వచ్చిందంటే నీరు ఎక్కడో ఇరుక్కుంది, ఎక్కువైతే ఎక్కడో రెండుసార్లు లెక్కపెట్టారు. నా అనుభవంలో నదుల మీద వచ్చే బగ్స్‌లో సగం ఈ ఒక్క లైనుకే దొరికిపోతాయి.

తర్వాత కంటితో చూడండి. దువ్వెన పళ్లలా సమాంతరంగా, సూటిగా గీతలు కనిపిస్తే అవి నింపిన గుంటలు. అక్కడ నేల దాదాపు చదును, నీటికి ఎటు పోవాలో తెలియక గ్రిడ్ గీతల వెంట పోతోంది. ఆ పిసరు ఎత్తుని అన్ని గడులకీ ఒకేలా కాకుండా కొంచెం అటూ ఇటూ మార్చండి, దారులు వంకర తిరుగుతాయి. నదులు మెట్లు మెట్లుగా కనిపిస్తే అది దారి తప్పు కాదు, గీయడంలో తప్పు. గడి మధ్య నుంచి కాకుండా గడి లోపలే కొంచెం జరిపిన చుక్కల మీదుగా మెత్తటి గీత వేయండి.

నదులు కిందికి వచ్చే కొద్దీ చీలుతున్నాయా? ఈ పద్ధతిలో అది జరగదు, ఎందుకంటే ప్రతి గడికీ `down` ఒక్కటే. నిజ ప్రపంచంలో నదులు డెల్టాలో చీలుతాయి. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలు పాయలుగా విడిపోయినట్టు. అది కావాలంటే సముద్రం దగ్గర చివరి కొన్ని గడుల్లో విడిగా చేయాలి.

మరి మైన్‌క్రాఫ్ట్ ఎందుకు ఇలా చేయదు?

ఈ ప్రశ్న మీకు ఇప్పటికే వచ్చి ఉండాలి. మైన్‌క్రాఫ్ట్‌లో నదులు మామూలుగా సముద్ర మట్టంలోనే ఉంటాయి, కొండ మీద నుంచి దిగి రావు. వాళ్లకి తెలియక కాదు. అక్కడ ప్రపంచానికి దాదాపు అంతు లేదు. ఆటగాడు ఎటు నడిస్తే అటు 16×16 ముక్కలుగా నేల పుడుతూ ఉండాలి, ఏ ముక్కకీ మిగతా ప్రపంచం తెలియకూడదు. నదికి కావాల్సింది సరిగ్గా దీనికి ఉల్టా. మొత్తం తెలిస్తేనే ఒక్క గడి చెప్పగలం. అందుకే వాళ్లు నదుల్ని కూడా నాయిస్‌తోనే గీశారు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ రెండో దారి పట్టింది. ఆట మొదలయ్యే ముందే హద్దులున్న ప్రపంచం మొత్తం తయారు చేస్తుంది, వాన చాటు, నదుల కోత అన్నీ లెక్కేసుకుని.

రెండిటి మధ్య ఒక దారి ఉంది, నేను పట్టుకున్నది అదే. 512×512 మ్యాప్‌లో నదుల లెక్క ఒకేసారి చేసేస్తాను. 2,62,144 గడులు, మామూలు లాప్‌టాప్‌లో పైథాన్‌కి కూడా కొన్ని సెకన్ల పని. తర్వాత ఆటగాడు ఒక గడిలోకి అడుగుపెట్టినప్పుడు, ఆ కిలోమీటరు నేలలో రాళ్లూ చెట్లూ గుట్టలూ నాయిస్‌తో అప్పటికప్పుడు పుడతాయి. నది ఏ అంచున వస్తుందో, ఏ అంచున పోతుందో మాత్రం పెద్ద మ్యాప్ ముందే చెప్పేసింది, దాన్ని నాయిస్ ముట్టుకోదు. ప్రపంచానికి హద్దు ఉంటుంది, నిజమే. కానీ 512 కిలోమీటర్ల పొడవున్న నేలలో దారి తప్పినవాడు నది వెంట నడిస్తే, సముద్రం దగ్గరికే చేరతాడు.